జీతం 7న, ఈఎంఐ 5న: తారీఖు మార్చమని బ్యాంకుకి లెటర్ ఎలా రాయాలి

ప్రశ్న: నమస్తే మేడం. ఈమధ్యే ఉద్యోగం మారాను. పాత కంపెనీలో జీతం నెలాఖరుకే పడేది, ఇక్కడ 7న పడుతోంది. పర్సనల్ లోన్ ఈఎంఐ 10,931 మాత్రం 5న కట్ అవుతుంది. రెండు నెలలు బౌన్స్ అయింది, జీతం పడగానే నేనే కట్టేశాను. ఈఎంఐని జీతం పడ్డ మర్నాటికి, అంటే 8కి మార్చమని బ్యాంకుకి లెటర్ పెడదామనుకుంటున్నా. అందులో ఏం రాయాలి? ఆర్థిక ఇబ్బందుల్లో ఉన్నానని రాస్తే త్వరగా చేస్తారా? — పటాన్‌చెరు నుంచి ఒక పాఠకుడు

జవాబు: ముందు చివరి ప్రశ్నకే చెప్తాను, ఎందుకంటే మీరు లెటర్ పోస్ట్ చేసేలోపే ఇది చెప్పాలి. ఆర్థిక ఇబ్బందులు అనే మాట రాయకండి. మనం స్కూల్లో నేర్చుకున్న లీవ్ లెటర్ పద్ధతిలో కాస్త దీనంగా రాస్తే పని జరుగుతుందనుకుంటాం కానీ లోన్ల దగ్గర అది ఎదురు తంతుంది. అప్పు తీసుకున్నవాడు డబ్బుకి ఇబ్బంది పడుతున్నాడు కాబట్టి షరతులు సడలించాం అని బ్యాంకు ఒప్పుకుంటే దాన్ని ఆర్బీఐ లెక్కల్లో రీస్ట్రక్చరింగ్ అంటారు, అది వేరే దారి, క్రెడిట్ రిపోర్టులో కూడా కనపడే దారి. మీ విషయం అది కాదు. మీ జీతం తగ్గలేదు, ఈఎంఐ కట్టలేనని మీరు అనట్లేదు, రెండు తారీఖులు కుదరట్లేదు అంతే. లెటర్ చదివే ఆఫీసర్‌కి కూడా అంతే అర్థమవ్వాలి. "ఉద్యోగం మారాను, జీతం తేదీ మారింది, డ్యూ డేట్ మార్చండి" అంటే అది మామూలు సర్వీస్ రిక్వెస్ట్. "ఇబ్బందుల్లో ఉన్నాను, దయచేసి సాయం చేయండి" అంటే ఆయన ఫైల్ పట్టుకుని ఇంకొకరి సలహా అడగడానికి వెళ్తాడు.

ఇక అసలు విషయం. మీరు రాసింది చూస్తే మీకు కావాల్సింది డబ్బు కట్ అయ్యే రోజు మారడం. నేనైతే లెటర్లో ఆ మాటే పెట్టను. లోన్‌కి రెండు తారీఖులుంటాయండి, చాలామందికి రెండూ ఒకటే అనిపిస్తుంది ఎందుకంటే మామూలుగా రెండూ ఒకే రోజు పడతాయి. ఒకటి డ్యూ డేట్, అంటే ఆ నెల కంతు ఎప్పటికి కట్టాలో మీ రీపేమెంట్ షెడ్యూల్‌లో అచ్చేసి ఉన్న రోజు. రెండోది డెబిట్ డేట్, అంటే లోన్ ఇచ్చినవాళ్లు మీ ఖాతా ఉన్న బ్యాంకుకి నాచ్ ద్వారా, అంటే బ్యాంకుల మధ్య కంతులు ఆటోమేటిక్‌గా వసూలు చేసే వ్యవస్థ ద్వారా, "ఇంత డబ్బు పంపు" అని అడిగే రోజు. మీరు "కట్ అయ్యే తేదీ మార్చండి" అని రాశారనుకోండి, అక్కడి కుర్రాడు అక్షరాలా అదే చేయొచ్చు, డబ్బు అడిగే రోజుని 5 నుంచి 10కి జరిపేసి షెడ్యూల్‌లో డ్యూ డేట్ 5నే ఉంచేయొచ్చు. అప్పుడు బౌన్స్‌లు ఆగిపోతాయి, మీరు హమ్మయ్య అనుకుంటారు, కానీ బ్యాంకు పుస్తకాల్లో మీరు ప్రతి నెలా ఐదు రోజులు లేటు. దానికి వాళ్ల నిబంధనల ప్రకారం పీనల్ ఛార్జీలు పడొచ్చు. ఆర్నెల్ల తర్వాత లోన్ స్టేట్‌మెంట్ తీస్తే చిన్న చిన్న మొత్తాలు వరసగా నిలబడి ఉంటాయి, ఎందుకు పడ్డాయో బ్రాంచ్‌లో ఎవరూ చెప్పరు. కాబట్టి లెటర్లో అడగాల్సింది డ్యూ డేట్ మార్పు, దాన్ని బట్టి డెబిట్ డేట్ మార్పు, మారినట్టు రుజువుగా కొత్త రీపేమెంట్ షెడ్యూల్. ఈ మూడూ విడివిడిగా రాయాలి, ఒకటి అడిగితే మిగతావి వాటంతట అవే వస్తాయని అనుకోవద్దు.

సరే, 8 అడగాలా 10 అడగాలా? చాలా బ్యాంకులు మనం అడిగిన తారీఖు ఇవ్వవు, వాళ్లకి కొన్ని సైకిల్ డేట్లు ఉంటాయి, ఒక చోట 5, 10, 15 అంటారు, ఇంకో చోట 2, 7, 12 అనొచ్చు, ఇది బ్యాంకుని బట్టి ఉంటుంది కాబట్టి లెటర్ రాసేముందే కస్టమర్ కేర్‌కి ఒక ఫోన్ కొట్టి "మీ దగ్గర ఏ డేట్లు ఉన్నాయి, డేట్ మార్పుకి ఛార్జ్ ఎంత, లోన్ కాలంలో ఎన్నిసార్లు మార్చుకోవచ్చు" అని అడిగేయండి. ఒక్కసారే మార్చుకోనిస్తాం అనే చోట్ల తొందరపడి 8 అడిగేస్తే మళ్లీ అవకాశం ఉండదు.

కానీ వాళ్లు 8 ఇస్తామన్నా సరే నేను తీసుకోమనను. జీతం 7న పడుతుందని మీరు అంటున్నారు, బాగానే ఉంది, నెల జీతాన్ని తర్వాతి నెల ఏడో తారీఖు లోపు ఇచ్చేయాలని వేతనాల చట్టంలోనే ఉంది కాబట్టి చాలా కంపెనీలు ఆ గడువు మీదే ఇస్తుంటాయి. అయితే ఆ 7 ఆదివారం వస్తే? మీ కంపెనీ అకౌంట్స్‌ వాళ్లు శుక్రవారమే జీతాల ఫైల్ అప్‌లోడ్ చేస్తారా, సోమవారం దాకా ఆగుతారా, అది వాళ్ల ఇష్టం. ఈఎంఐ మాత్రం అలా ఆగాలని లేదు. 2021 ఆగస్టు 1 నుంచి నాచ్ వారంలో ఏడు రోజులూ, బ్యాంకు సెలవు రోజుల్లో కూడా నడుస్తోంది. అంతకుముందు ఐదో తారీఖు ఆదివారమైతే కంతు సోమవారానికి జరిగేది, పాత రోజుల్లో లోన్ తీసుకున్నవాళ్లు ఇప్పటికీ "సెలవు కదా రేపు కట్ అవుతుందిలే" అనుకుని దెబ్బతింటున్నారు. జీతం వేసేవాళ్లు మనుషులు, వాళ్లకి ఆదివారం ఉంటుంది. ఈఎంఐ లాగేది సిస్టమ్, దానికి లేదు.

ఇంకోటి, నాచ్ డెబిట్ చాలా వరకు పొద్దున్నే వచ్చి తగులుతుంది. జీతం మధ్యాహ్నం పడొచ్చు, సాయంత్రం ఏడింటికి పడొచ్చు. ఒకే రోజు రెండూ ఉంటే పొద్దున బౌన్స్, సాయంత్రం జీతం, ఖాతాలో డబ్బుండి కూడా బౌన్స్ అయినట్టు. అందుకే "జీతం పడ్డ మర్నాడు" అనే మీ ఆలోచన మంచిదే, కాకపోతే ఆ మర్నాడుని జీతం బాగా ఆలస్యమైన నెల నుంచి లెక్కపెట్టాలి. పాత వాళ్లని అడగండి, పోయిన ఏడాది జీతం ఏ ఏ రోజుల్లో పడిందో వాళ్ల ఫోన్లో మెసేజ్‌లు ఉంటాయి. ఎప్పుడో ఒకసారి 9న పడిందంటే మీ తారీఖు 10. మీ కంపెనీ తీరు తెలీదు కాబట్టి నేను 10 అనే అనుకుని మిగతాదంతా చెప్తాను.

ఇప్పుడు డబ్బు లెక్క. డేట్ 5 నుంచి 10కి జరిపితే ఊరికే జరగదు, ఆ ఐదు రోజులకి వడ్డీ కట్టాలి. దీన్ని బ్రోకెన్ పీరియడ్ వడ్డీ అంటారు. మీరు వడ్డీ రేటు రాయలేదు, ఈఎంఐ బట్టి చూస్తే 4 లక్షలు, 14 శాతం, 48 నెలల లోన్‌కి సరిగ్గా 10,931 వస్తుంది కాబట్టి ఉదాహరణకి అదే అనుకుందాం, ఏడాది కట్టాక అసలు ఇంకా సుమారు 3,20,000 ఉంటుంది. దాని మీద 14 శాతం అంటే ఏడాదికి 44,800, రోజుకి 122 రూపాయల 74 పైసలు, ఐదు రోజులకి 614 రూపాయలు. దీన్ని బ్యాంకు రెండు రకాలుగా తీసుకుంటుంది. కొందరు 614 విడిగా కట్టించుకుంటారు, అక్కడితో అయిపోతుంది. కొందరు ఏమీ అడగరు, "ఫ్రీగా చేశాం సార్" అంటారు, కానీ ఆ నెల ఈఎంఐ లోపల వడ్డీ వాటా పెంచేస్తారు. మామూలుగా మీ 10,931లో 3,733 వడ్డీకి, 7,198 అసలుకి పోవాలి. డేట్ మారిన నెల 4,347 వడ్డీకి, 6,584 మాత్రమే అసలుకి పోతుంది. తగ్గిన ఆ 614 అసలు లోన్ అయ్యేదాకా అలాగే ఉండి వడ్డీ తింటుంది, మూడేళ్ల తర్వాత ఆఖరి ఈఎంఐలో 900 పైచిలుకు ఎక్కువ కట్టాల్సి వస్తుంది. పెద్ద తేడా కాదు గానీ, ఛాయిస్ ఇస్తే విడిగా కట్టేయడమే మేలు. అందుకే లెటర్లో ఆ ముక్క కూడా పెట్టాను కింద.

ఈ 614ని బౌన్స్‌తో పోల్చి చూడండి. లోన్ ఇచ్చినవాళ్ల బౌన్స్ ఛార్జ్ 500 అనుకుందాం, 18 శాతం జీఎస్టీతో 590. మీ జీతం ఖాతా ఉన్న బ్యాంకు కూడా ఊరుకోదు, రిటర్న్ ఛార్జ్ కింద 250 వేసిందనుకుంటే జీఎస్టీతో 295. అంటే ఒక్క బౌన్స్‌కి 885, పీనల్ ఛార్జ్ ఇంకా కలపలేదు. ఇవి ఉదాహరణకి వేసిన అంకెలే, మీ రెండు బ్యాంకుల ఛార్జీల పట్టికలో అసలైనవి ఉంటాయి. ఈ లెక్కన, డేట్ మార్పు ఛార్జ్ పెద్దగా లేకపోతే, ఒక్క బౌన్స్ ఖర్చు కన్నా డేట్ మార్చుకోవడం చవక.

సిబిల్ గురించి మీరు అడగలేదు కానీ మనసులో ఉండే ఉంటుంది. 5న బౌన్స్ అయి 7న కట్టేశారు కదా. 2025 జనవరి నుంచి బ్యాంకులు క్రెడిట్ బ్యూరోలకి నెలకి కనీసం రెండుసార్లు, ఫలానా తేదీ నాటికి ఉన్న లెక్క పంపాలి. ఆ తేదీ నాటికి మీరు బాకీ లేకపోతే ఆ రెండు మూడు రోజులు రిపోర్టులో కనపడకపోవచ్చు, అయినా ఒకసారి రిపోర్ట్ తీసి చూసుకోండి, ఏడాదికి ఒకటి ప్రతి బ్యూరో ఫ్రీగా ఇవ్వాల్సిందే. నిజంగా అంటుకునేది ఇంకోచోట. రేపు మీరు ఇంటి లోన్‌కి వెళ్తే ఆర్నెల్ల బ్యాంకు స్టేట్‌మెంట్ అడుగుతారు, అందులో రిటర్న్ ఎంట్రీలు ఎర్ర జెండాల్లా కనపడతాయి. వాటికి "ఉద్యోగం మారినప్పుడు డేట్ కుదరలేదు, ఇదిగో మార్పించుకున్నాను" అని చూపించడానికి కూడా ఈ లెటర్ పనికొస్తుంది. కాబట్టి కాపీ దాచుకోండి.

లెటర్‌కి ముందు ఇంకొక్క కాగితం చూడాలి, నాచ్ మాండేట్, అంటే ఖాతా నుంచి కంతు తీసుకోవచ్చని మీరిచ్చిన అనుమతి. లోన్ తీసుకున్నప్పుడు మీరు సంతకం పెట్టిందో, ఓటీపీ కొట్టి ఓకే చేసిందో. మీ జీతం ఖాతా నెట్ బ్యాంకింగ్‌లో మాండేట్లు అనే చోట ఉంటుంది. అందులో UMRN అనే పెద్ద నంబర్, గరిష్ఠ మొత్తం, మొదలయ్యే తేదీ, ముగిసే తేదీ కనపడతాయి. ఆ ముగిసే తేదీ మీద వేలు పెట్టి చూడండి. కొందరు చాలా దూరంగా పెడతారు, దాంతో ఇబ్బంది లేదు. కానీ సరిగ్గా మీ ఆఖరి ఈఎంఐ రోజుకే, ఉదాహరణకి మార్చి 5కే ముగిసేలా పెట్టి ఉంటే, డేట్ 10కి మారాక ఆఖరి ఈఎంఐ మార్చి 10న అడుగుతారు, అప్పటికి మాండేట్ చచ్చిపోయి ఉంటుంది, ఖాతాలో లక్ష ఉన్నా రిటర్నే. మూడేళ్ల తర్వాత, లోన్ అయిపోయిందని స్వీట్లు తినే రోజున. అలాంటప్పుడు మాండేట్‌ని సవరించాలి, లేదంటే కొత్తది ఇవ్వాలి. కొత్తది ఇస్తే మాత్రం వరస జాగ్రత్త: కొత్తది యాక్టివ్ అయిందని మెసేజ్ వచ్చాకే పాతది రద్దు చేయించాలి. ముందే పాతది తీసేస్తే మధ్యలో ఒక ఈఎంఐ గాల్లో పోతుంది, అసలు తీయకుండా రెండూ ఉంచేస్తే ఏదో ఒక నెల రెండుసార్లు లాగేసే ప్రమాదం ఉంటుంది.

లోనూ జీతం ఖాతా ఒకే బ్యాంకులో ఉంటే ఈ నాచ్ గొడవ ఉండకపోవచ్చు, స్టాండింగ్ ఇన్‌స్ట్రక్షన్ అని వాళ్ల లోపలే నడుస్తుంది. మీరు ఆ సంగతి రాయలేదు, ఉద్యోగం మారితే మామూలుగా జీతం ఖాతా కూడా వేరే బ్యాంకుకి మారుతుంది కాబట్టి నాచ్ అనుకునే రాస్తున్నా. ఒకవేళ జీతం ఒక ఖాతాలో పడుతూ మాండేట్ ఇంకా పాత ఖాతా మీదే ఉంటే డేట్‌తో పాటు ఖాతా కూడా మార్చమని ఇదే లెటర్లో అడిగేయండి, రెండు పనులకి రెండుసార్లు తిరగక్కర్లేదు.

ఇక లెటర్. తెలుగులో ఇవ్వొచ్చు, ఇక్కడి బ్రాంచ్ తీసుకుంటుంది. కాకపోతే ప్రైవేటు బ్యాంకుల్లో ఈ పని చేసే ఆఫీసు చెన్నైలోనో ముంబైలోనో ఉంటే ఇదే విషయాన్ని ఇంగ్లీషులో కూడా ఒక పేజీ జత చేస్తే రెండు రోజులు కలిసొస్తాయి.

తేదీ: ________

బ్రాంచ్ మేనేజర్ గారికి,
________ బ్యాంకు, ________ బ్రాంచ్.

విషయం: పర్సనల్ లోన్ నంబర్ ________ ఈఎంఐ డ్యూ డేట్‌ను ప్రతి నెలా 5 నుంచి 10కి మార్చడం గురించి.

అయ్యా,

పై లోన్ నా పేరు మీద ఉంది. ఈఎంఐ రూ. 10,931. ప్రస్తుత డ్యూ డేట్ ప్రతి నెలా 5. ఈఎంఐ నా ________ బ్యాంకు ఖాతా (చివరి నాలుగు అంకెలు ____) నుంచి నాచ్ మాండేట్ (UMRN: ________) ద్వారా వసూలవుతోంది.

నేను ________ నెలలో ఉద్యోగం మారాను. కొత్త సంస్థలో జీతం ప్రతి నెలా 7వ తేదీన జమ అవుతోంది. జీతం స్లిప్పులు, జీతం జమ అయిన బ్యాంకు స్టేట్‌మెంట్ జత చేశాను. ఈ రోజుకి లోన్‌లో బాకీ ఉన్న కంతులు గానీ ఛార్జీలు గానీ లేవు.

జీతం తేదీకి సరిపోయేలా ________ నెల కంతు నుంచి డ్యూ డేట్‌ను 10కి మార్చి, నాచ్ డెబిట్ కూడా అదే తేదీకి పంపవలసిందిగా కోరుతున్నాను. ఈఎంఐ మొత్తం, వడ్డీ రేటు, కంతుల సంఖ్య మారనవసరం లేదు. మధ్యలోని ఐదు రోజుల వడ్డీ విడిగా చెల్లించడానికి సిద్ధంగా ఉన్నాను, మొత్తం ఎంతో తెలియజేయగలరు. డేట్ మార్పుకి ఛార్జీ ఉంటే అది కూడా తెలియజేయగలరు.

ప్రస్తుత మాండేట్ కొత్త తేదీలకి, ఆఖరి కంతుతో సహా, సరిపోతుందో లేదో చూసి, కొత్త మాండేట్ అవసరమైతే తెలుపగలరు. మార్పు అయ్యాక కొత్త రీపేమెంట్ షెడ్యూల్‌ను నా రిజిస్టర్డ్ ఈమెయిల్‌కి పంపగలరు.

ఇట్లు,
(సంతకం, పేరు, ఫోన్ నంబర్)

దీంట్లో "బాకీ ఉన్న కంతులు గానీ ఛార్జీలు గానీ లేవు" అనే వాక్యం ఉంది చూశారా, అది రాసేముందు నిజం చేసుకోండి. మీరు బౌన్స్ అయిన రెండు నెలలకీ ఈఎంఐ కట్టారు, బౌన్స్ ఛార్జ్ కట్టారా? చాలామంది 10,931 మాత్రమే పంపి ఊరుకుంటారు, ఛార్జీలు లోన్ ఖాతాలో అలా పడే ఉంటాయి. అవి ఉన్నంతసేపూ డేట్ మార్పు రిక్వెస్ట్‌ని సిస్టమ్ తీసుకోకపోవచ్చు, ఓవర్‌డ్యూ ఉంది అని రిజెక్ట్ కొట్టొచ్చు, ఆ సంగతి మీకు చెప్పకపోవచ్చు కూడా. లోన్ స్టేట్‌మెంట్ డౌన్‌లోడ్ చేసి ఈఎంఐ కాకుండా ఇంకేం పడ్డాయో చూసి కట్టేయండి. చూసేటప్పుడు ఇంకో విషయం కూడా గమనించండి, లేటు కట్టినందుకు పీనల్ అని వేస్తే దాన్ని ఛార్జీగానే వేయాలి తప్ప వడ్డీ రేటుకి కలిపి పెంచకూడదని, దాని మీద మళ్లీ వడ్డీ వేయకూడదని ఆర్బీఐ 2023 ఆగస్టులోనే చెప్పింది. అలా కాకుండా ఉంటే అది వేరే లెటర్.

ఎప్పుడు ఇవ్వాలంటే, ఒక ఈఎంఐ క్లియర్ అయిన వెంటనే. నాచ్ ఫైళ్లు డ్యూ డేట్‌కి కొన్ని రోజుల ముందే తయారైపోతాయి, 1వ తేదీనో 2నో వెళ్లి ఇస్తే ఈ నెల 5ది ఎలాగూ ఆగదు. ఈ నెల కంతు కట్టేశాక 10, 12 తారీఖుల్లో ఇస్తే వాళ్లకి మూడు వారాలు దొరుకుతాయి. ముందు యాప్‌లో సర్వీస్ రిక్వెస్ట్‌లలో ఈ ఆప్షన్ ఉందేమో చూడండి, కొన్ని బ్యాంకుల్లో ఉంది, ఉంటే అందులోనే పెట్టి రిక్వెస్ట్ నంబర్ స్క్రీన్‌షాట్ తీసుకోండి. లేకపోతే బ్రాంచ్‌లో రెండు కాపీలు తీసుకెళ్లి ఒకదాని మీద తేదీతో ముద్ర వేయించుకోండి, అదే రోజు ఆ కాపీని స్కాన్ చేసి కస్టమర్ కేర్ ఈమెయిల్‌కి కూడా పంపండి. ముద్ర వేయడానికి కొందరు నసుగుతారు, "మేం చూసుకుంటాం సార్" అంటారు, మీరు నవ్వుతూ అక్కడే నిలబడండి.

మార్పు జరిగిన నెల మాత్రం కాస్త కష్టమైనా రెండు తారీఖులకీ సిద్ధంగా ఉండండి. "మీ రిక్వెస్ట్ పూర్తయింది" అని మెసేజ్ వచ్చినా సరే, కొత్త షెడ్యూల్ చేతికొచ్చి అందులో 10 అని కళ్లారా చూసేదాకా 5 ఇంకా బతికే ఉందని అనుకోవాలి. అందుకని ఆ ఒక్క నెల 4వ తేదీ రాత్రికి ఖాతాలో 10,931 ఉంచండి. 5న కట్ అవ్వకపోతే మంచిదే, అదే డబ్బు 10కి పనికొస్తుంది. మధ్యలో కంగారుపడి యాప్‌లోంచి మీరే ఈఎంఐ కట్టేయొద్దు, మీరు కట్టింది అడ్వాన్స్ కిందో పార్ట్ పేమెంట్ కిందో పోయి, నాచ్ దారిన నాచ్ వచ్చి ఇంకోసారి లాగేస్తుంది, ఆ రెండోది వెనక్కి రావడానికి వారాలు పడుతుంది.

కొత్త షెడ్యూల్ వచ్చాక మూడు వరసలు చూస్తే చాలు. మొదటి వరసలో తేదీ 10 ఉందా, వడ్డీ వాటా పైన చెప్పిన 4,347 లాగా పెరిగిందా లేక మామూలు 3,733 దగ్గరే ఉందా. విడిగా 614 కట్టించుకుని మళ్లీ ఇక్కడ కూడా పెంచి ఉంటే రెండుసార్లు తీసుకున్నట్టు, వెంటనే అడగండి. రెండో వరసలో వడ్డీ మామూలుకి దిగిందా. ఆఖరి వరసలో మొత్తం ఎంత, తేదీ మాండేట్ ముగిసేలోపే ఉందా. ఒక కంతు ఎక్కువ కనపడితే, అంటే 48 కాస్తా 49 అయితే, డేట్ మార్చే బదులు ఇంకేదో చేశారని అర్థం.

బ్యాంకు కుదరదంటే ఏం చేయాలి? అగ్రిమెంట్‌లో డేట్ మార్పు హక్కుగా రాసి ఉంటే తప్ప వాళ్లు చేసి తీరాలని లేదు, ఇది వాళ్ల పాలసీ. జవాబే ఇవ్వకపోతే, లేదా తీసుకుని తప్పుగా చేస్తే, ముందు బ్యాంకుకే రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి, 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగ్గా లేకపోయినా, మీ ముద్ర ఉన్న కాపీతో cms.rbi.org.in లో ఆర్బీఐ అంబుడ్స్‌మన్‌కి పెట్టొచ్చు. "మా పాలసీలో లేదు" అని రాతపూర్వకంగా చెప్పేస్తే మాత్రం అక్కడ పెద్దగా ఫలితం ఆశించొద్దు, అంబుడ్స్‌మన్ సేవాలోపం చూస్తారు గానీ బ్యాంకు వ్యాపార నిర్ణయాల్ని మార్చరు.

అప్పుడు మిగిలేది మీ వైపు నుంచి మార్చడం, నిజానికి ఇది అన్నిటికన్నా చవకైన దారి కూడా. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, ఒక ఈఎంఐ అంత డబ్బు ఖాతాలో ముందుగా ఉంటే చాలు. దాంతో వచ్చే 5 గడిచిపోతుంది, 7న పడే జీతంలోంచి మళ్లీ 10,931 పక్కన పెడితే అది పై నెల 5కి. అంటే ఏ నెల జీతంతో ఆ నెల ఈఎంఐ కట్టే బదులు ముందు నెల జీతంతో కడుతున్నట్టు. ఆ డబ్బు కంటికి కనపడితే ఖర్చయిపోతుంది కాబట్టి ఈఎంఐకి విడిగా ఒక జీరో బ్యాలెన్స్ ఖాతా పెట్టుకుని, మాండేట్ దాని మీదకి మార్పించి, జీతం పడ్డ ఖాతా నుంచి 10వ తేదీన దానికి ఆటోమేటిక్‌గా బదిలీ అయ్యేలా పెట్టుకోండి. ఆ మొదటి 10,931 ఎక్కడిదంటే పాత కంపెనీ నుంచి ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంట్ ఇంకా రాలేదేమో చూడండి, ఉద్యోగం మారిన చాలామందికి అది ఆలస్యంగా వస్తుంది, వచ్చినప్పుడు ఇందులో వేసేయండి.